పెన్ను మీది పంటిగాట్లు

పెళ్ళయిన నలభై మూడో రోజున నా డెమో క్లాసు. తిరుపతిలో ఒక కోచింగ్ సెంటరులో నేను వృక్షశాస్త్రం చెబుతాను. డైరెక్టర్ రవిచంద్రగారు చివరి బెంచీలో కూర్చుని గంటసేపు వింటారు. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే నెలాఖరుకు ఇంటికి.

నాకు భయం లేదు. ముందురోజు సాయంత్రం మా ఆయన కిరణ్, సెంటరువాళ్ళిచ్చిన ట్యాబ్లెట్‌కు పెన్నును బ్లూటూత్‌తో జతచేసి, సెట్టింగుల్లో పైబటన్‌ను సరిచేశాడు. టిక్ టిక్‌మని రెండుసార్లు నొక్కితే తెర మసకబారుతుంది. పెన్నుకొనతో బొమ్మ చుట్టూ గడి గీస్తే ఆ ముక్క కాపీ అవుతుంది, నోట్సులో అతికించుకోవచ్చు. నేను పెళ్ళిఫొటోలో అతని ముక్కు ఒక్కటే కత్తిరించి అతనికే పంపాను. దానికే అరగంట నవ్వుకున్నాం.

పొద్దున రాగానే పెన్ను స్టాఫ్‌రూములో స్టీలు గ్లాసులో పెట్టి, క్లాసు వేళకు తీసుకున్నాను. అందరివీ ఒకే రకం, అక్కడే పెట్టుకుంటాం. క్లాసులోకి వెళ్ళేముందు పసుపుతాడు కళ్ళకద్దుకున్నాను.

పది నిమిషాలు హాయిగా రాశాను. పాత ప్రశ్నపత్రంలో అండాశయం బొమ్మ వచ్చింది. టిక్ టిక్. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. ఊహూఁ. సరే, చేత్తోనే గీద్దామని మొదలుపెట్టగానే తెర దానంతటదే మసకబారింది. నేను గీసిన గీత గడి అయింది, గోడమీది పెద్దతెర మీద సగం అండాశయం తెగి కూర్చుంది.

"మేడమ్, దానికి దెయ్యం పట్టినాదా?" అని ముందుబెంచీ ఐశ్వర్య అడిగింది. అందరూ నవ్వారు. రవిచంద్రగారు నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఇంకోసారి నొక్కాను. ప్లైవుడ్ గోడ అవతల, పక్క క్లాసులో ఫిజిక్సు చెప్పే పరంధామయ్య సారు గొంతు వినిపించింది. "ఏందప్పా ఇది, లెక్క రాస్తా ఉంటే మళ్ళా డబ్బా గీస్తా ఉండాది."

మళ్ళీ నొక్కాను. "సూడు, మళ్ళా!" అన్నాడాయన.

అర్థమైంది. పెన్నులు మారిపోయాయి. పెన్నుకొన ఏ ట్యాబ్లెట్ మీదైనా రాస్తుంది. పైబటన్ మాత్రం జతచేసిన దాని మాటే వింటుంది. నేను నొక్కితే ఆయన తెర మసకబారుతోంది. మరి నా తెర? ఆయన రాస్తూ ఉంటే బటన్ ఎందుకు నొక్కుతాడు?

అప్పుడు నా చేతిలోని పెన్ను వైపు చూశాను. బటన్ చుట్టూ పంటిగాట్లు. గాట్లలో తెల్లగా ఎండిన పొర. నా బొటనవేలు ఇంతసేపూ దానిమీదే ఉంది. ఆలోచించేటప్పుడల్లా పెన్ను వెనక్కొన నమలడం ఆయనకు అలవాటు. గోడ అవతల ఇప్పుడు నా పెన్ను ఆ నోట్లో ఉంది. ఆయన పళ్ళు రెండుసార్లు పడినప్పుడల్లా నా తెర మసకబారుతోంది. పొద్దున పసుపుతాడు కళ్ళకద్దుకున్న చెయ్యి కూడా ఇదే. కిరణ్ ఎంగిలి కాఫీ ముచ్చటగా తాగుతాను, అది వేరు.

ముందు క్లాసు నిలబెట్టుకోవాలి. ట్యాబ్లెట్‌లో బ్లూటూత్ ఆపేశాను. ఇక ఆయన ఎంత నమిలినా నా తెర కదలదు. రాయడానికి బ్లూటూత్ అక్కర్లేదు. స్టార్ట్ మెనూలోంచి స్నిప్పింగ్ టూల్‌ను వేలితో తెరిచి, బొమ్మ కత్తిరించి అతికించాను. పెన్నును చున్నీ కొంగుతో పట్టుకుని భాగాలకు పేర్లు రాశాను. అక్షరాలు వంకర. పాఠం మాత్రం పూర్తయింది.

గంట కొట్టాక రవిచంద్రగారు స్టాఫ్‌రూముకు రమ్మన్నారు. పరంధామయ్య సారు అప్పటికే అక్కడున్నాడు. పెన్నులు మారాయని చెప్పాను.

"నాకు పొద్దునే తెలిసిందిలే అమ్మా," అన్నాడాయన. "నాది పాతబడి గరగరగా ఉండాది. నీది నున్నంగా బాగుండాదని తీసుకున్న్యా." నోట్లోంచి నా పెన్ను తీసి, చొక్కాకు తుడిచి అందించాడు. ఉమ్మి దారంలా సాగి తెగింది.

"ఎంగిలి సార్," అన్నాను.

"ఒకింటి బిడ్డలం, మనలో మనకి ఎంగిలేమిటికి? కొత్త పెండ్లికూతురు గదా, అన్నీ అసియ్యంగానే ఉంటాయి."

ఆయనతోపాటు రవిచంద్రగారు కూడా నవ్వారు. "పోనీలే రూపశ్రీ. ఇబ్బంది వచ్చినా పాఠం ఆపలేదు, అది చాలు. నువ్వు పర్మనెంటు. సోమవారం నుంచి నీకు సీనియర్ బల్ల. సారు పక్కనే. ఆయన దగ్గర నేర్చుకునేది శానా ఉండాది."

ఇద్దరూ నా వైపు చూశారు. పెన్ను ఇంకా గాల్లోనే ఉంది, తడిగా.

"థాంక్యూ సార్," అని రెండు వేళ్ళతో అందుకున్నాను. కుళాయి దగ్గర సబ్బు అరిగేదాకా చేతులు కడిగాను. థాంక్యూ అన్న నోటిని ఏం పెట్టి కడగాలో తెలియలేదు.