మూడు పోగుల ఉన్ని

సుభద్రమ్మ బిడ్డ కడుపులోనే పోయి మూడు నెలలైంది. ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. కౌల్ బజార్‌లోని ఆ ఇంట్లో ఆమె వండేది, వడ్డించేది, అంతే.

1961 డిసెంబరులో ఒక పొద్దున పక్కింటి దురుగమ్మ ఏడాదిన్నర మనవరాలిని చంకనేసుకొచ్చింది. కంబళి ఉన్నితో తానే అల్లిన స్వెట్టర్ తొడిగితే పిల్ల మెడ ఎర్రగా కందిపోయింది.

"గీరుకుంటానే ఉండాది. ఏందమ్మా ఇది?"

సుభద్రమ్మ స్వెట్టర్‌ను వేళ్లతో నలిపి చూసింది. "మోటు ఉన్ని, పెద్దమ్మా. పసిదాని ఒంటికి గుచ్చుకుంటాది. మెత్తంది కావల్ల."

"యాడ దొరుకుతాది?"

సుభద్రమ్మ పెట్టె తెరిచింది. మూడు పోగులు పేనిన మెత్తటి తెల్ల ఉన్ని ఉండలు, సన్నటి పదకొండో నంబరు సూదులకు వేలాడుతున్న సగం అల్లిన చిన్న చొక్కా బయటికి తీసింది.

"అయ్యో, అది వద్దులేమ్మా!" అంది దురుగమ్మ.

"పెట్టుకొని ఏం చేస్తా?" సుభద్రమ్మ గొంతులో ఏ భావమూ లేదు.

ఆ సాయంత్రమే చొక్కా విప్పేసింది. మెలికలు పోవడానికి ఆ ఉన్నిని వదులుగా పొడుగాటి చిలపలా చుట్టి, తడిపి ఆరేసింది. అంత సన్నటి దారంతో అల్లితే పూర్తయ్యేలోపే చలికాలం గడిచిపోతుంది. అందుకే రెండు దారాలు జంటగా పట్టి, వాటికి తగ్గట్టు లావుగా ఉండే ఎనిమిదో నంబరు సూదులు తీసుకుంది. చేతులు వాటంతటవే అల్లాయి.

పదో రోజు పిల్ల కొత్త స్వెట్టర్ వేసుకుని, గీరుకోకుండా నిద్రపోయింది. దురుగమ్మ కళ్లు తుడుచుకుంది. సుభద్రమ్మకు కన్నీళ్లు రాలేదు. పిల్ల మెడ దగ్గర ఒక్క వేలు దూర్చి చూసింది.

"వెచ్చగుండాదిలే," అని చెప్పి, ఎసరు పెట్టడానికి ఇంటికి వెళ్లింది.