ఆషాఢం దాకా మీకే

రాజారాం సేటు మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చాడంటే కొంప మునిగే సంగతేదో ఉన్నట్టే. తొమ్మిదేళ్లలో ఆయన పైకి వచ్చింది రెండే రెండుసార్లు. లిఫ్టు లేని ఆ అపార్టుమెంటులో మోకాళ్ల నొప్పి మనిషి ఊరికే ఎక్కుతాడా? మిషను మీద జాకెట్టు కుడుతున్న రేఖ, గుమ్మంలో ఆయన్ని చూడగానే దారం తెంపేసి లేచింది.

"కూసో బిడ్డా, కూసో. గోవర్ధన్ లేడా?"

"నిజాంసాగర్ బస్సు డ్యూటీల ఉన్నడు సేటు. సాయంత్రానికి వస్తడు."

రేఖ ఇచ్చిన నీళ్లు సేటు తాగాడు, ఆయాసం తీర్చుకున్నాడు, అసలు సంగతి చెప్పాడు. నిజామాబాద్‌లో ఆయన తమ్ముడు గిన్నెల దుకాణం పెద్దది చేస్తున్నాడు, ఈయన కూడా వాటా పెట్టాలి. అందుకని ఈ ఫ్లాటు అమ్మేస్తున్నాడు. ధర ఇరవై లక్షలు.

"బయట ఎవరికీ చెప్పలే. బోర్డు పెట్టలే, బ్రోకర్‌తోని మాట్లాడలే. ఉన్నోళ్లు మీరు, మంచిగ ఉన్నరు. ముందు మీకే. ఇగ ఇప్పుడే ఆషాఢం పడ్డది, నెల మొత్తం మీకే. శ్రావణం మొదటి శుక్రవారం దాకా చూస్త. తీసుకుంటమంటే బయానా ఇయ్యండ్రి, లేదంటే నేను బయట చెప్పుకుంట."

రేఖకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం ఎందుకో తెలియాలంటే బాన్సువాడలో ఒక లంబాడీ ఆడమనిషి కిరాయి ఇంటికోసం తిరిగి చూడాలి. తొమ్మిదేళ్ల కిందట, చంటిపిల్లను చంకనేసుకుని ఆమె పదకొండు ఇళ్లు తిరిగింది. గదులు చూపించేటప్పుడు అందరూ బాగానే మాట్లాడేవాళ్లు. "మీరేమిటోళ్లు?" అన్న ప్రశ్న వచ్చి, జవాబు చెప్పాక, ఆ ఇంటికి ఎవరో చుట్టాలు దిగబడేవాళ్లు. అత్త రూప్లి తాండా నుంచి వచ్చి లంబాడీలో రెండు మాటలు మాట్లాడితే ఖాళీగా ఉన్న ఇల్లు కూడా నిండిపోయేది. ఆ ప్రశ్న అడక్కుండా తాళంచెవి చేతిలో పెట్టిన మారాజు రాజారాం ఒక్కడే. ఇప్పుడు ఇల్లే సొంతమైతే, ఇక జన్మలో ఎవడికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. రేఖకు కావలసింది ఆ ఒక్కటే.

సాయంత్రం మొగుడు గోవర్ధన్ వచ్చేసరికి ఆమె లెక్క తేల్చి పెట్టింది. జీతం చూసి బ్యాంకు ధరలో ముప్పావు వంతు పైనే ఇస్తుంది. మిగిలింది చిట్టీ పాడి, నగలు అమ్మి సర్దుకోవచ్చు.

"బ్యాంకోళ్లు ఇంటి కాయిదాలు అడుగుతరు. రేపే పోయి సేటును అడుగు," అంది.

గోవర్ధన్ మొహం చిన్నబోయింది. "గట్లెట్ల అడుగుత? తొమ్మిదేండ్లల ఒక్క మాట అనలే మనల్ని. అగ్రిమెంటు రాసుకోలే, రసీదు అడగలే. పిలిచి ఇల్లిస్తుంటే కాయిదాలు చూపెట్టుమంటే, నమ్మకం లేదా అనుకోడా?"

"అనుకుంటే అనుకోనీ!"

"ఆయనకు ఆయనే ఇస్తడు, ఆగు."

ఆగారు. బస్సులో టికెట్టు తీసుకోనివాడిని వంద మంది ముందు నిలదీసే కండక్టరుకు, మేలు చేసినవాడి ముందు నోరు పెగల్లేదు. పిల్లను తీసుకుని లంబాడీల సీత్ల పండగకు తాండాకు పోయి వచ్చారు. సేటు దుకాణానికి రెండుసార్లు వెళ్లి, చాయ్ తాగి, మంచిచెడ్డలు మాట్లాడి ఉత్త చేతులతో వచ్చాడు గోవర్ధన్. అట్లా పంతొమ్మిది రోజులు పోయాయి. ఇరవయ్యో రోజు రేఖకు తిక్కరేగి, తనే చెప్పులేసుకుని దుకాణానికి పోయింది.

"కాయిదాలా? అరె, ముందే అడగొద్దా బిడ్డా!" అని సేటు అప్పటికప్పుడే బీరువా తీసి మొత్తం జిరాక్సు తీయించి ఇచ్చాడు. ఏమీ అనుకోలేదు. ఇంతదానికా ఇన్ని రోజులు తిన్నాడని రేఖకు మొగుణ్ణి చితకబాదాలనిపించింది.

బ్యాంకు వాళ్లు కాగితాలు తమ లాయరుకు పంపారు. వారం తర్వాత ఇద్దరినీ పిలిచారు. లోన్లు చూసే ఆఫీసరు నవత, చిన్న వయసు పిల్ల, పర్మిషను కాపీ తిప్పి చూపించింది.

"జీతంతోని ప్రాబ్లం లేదు. రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కానీ ఇది చూడండి. గ్రామ పంచాయతీ ఉన్నప్పుడు ఇచ్చిన పర్మిషన్. కింద ఒకటి, దాని మీద రెండు అంతస్తులకే ఉంది. మీరుండేది మూడో అంతస్తు. ప్లానులో ఆ అంతస్తే లేదు."

"లేకపోవుడేంది మేడమ్? మేము తొమ్మిదేండ్ల సంది అండ్లనే ఉంటున్నం కదా," అన్నాడు గోవర్ధన్ వెర్రిగా.

"ఉన్నరు. కానీ దాని మీద మేం లోన్ ఇవ్వలేం. ముందు రెగ్యులరైజ్ కావాలె. అదెప్పుడైతదో నేను చెప్పలేను. ఇంకో బ్యాంకుకు పోయినా ఇదే అడుగుతరు."

రేఖ ఆ కాపీ అందుకుని చూసింది. ఇన్నాళ్లు ఊడ్చి, తుడిచి, ముగ్గులేసిన ఇల్లు కాగితం మీద లేదట.

సేటు నిజంగానే బాధపడ్డాడు. "నేను నగదు పెట్టి కొన్న బిడ్డా, ప్లాను ఎవడు చూసిండు! లోను లేకుంట నగదు తెచ్చుకోగల్గుతరా?" అని అడిగాడు. ఇరవై లక్షల నగదు ఉన్నవాళ్లు కిరాయికెందుకుంటారు? తాండాలో ఉన్న రెండెకరాలు సర్కారు ఇచ్చిన అసైన్డు భూమి, అమ్మడానికి లేదు. గోవర్ధన్ తల అడ్డంగా ఊపాడు.

శ్రావణం మొదటి శుక్రవారం, పొద్దున పది కాకముందే సేటు వెంట కొనేవాళ్లు మెట్లెక్కారు. కోటగిరిలో ఎరువుల దుకాణం నడిపే అనిల్‌కుమార్, ఆయన భార్య. నగదు సిద్ధం, పదిహేను లక్షలకైతే ఈ రోజే బయానా అన్నాడు. పదహారుకు తెగింది. ఆవిడ వంటింటి అరలు తెరిచి చూస్తూ రేఖతో కబుర్లు పెట్టింది.

"మేము సొంతంగ ఉండేటందుకే తీసుకుంటున్నమక్కా. ఈ వారమే చూసుడు మొదలువెట్టినం, ఆషాఢంల ఎవరన్న ఇల్లు కొంటరా?"

రేఖకు అప్పుడు తట్టింది. తమకు ఇచ్చిన నెల, ఎట్లాగూ ఎవరూ రాని నెల. అయినా సేటు మీద కోపం తెచ్చుకోవడం ఆమెకు చేతకాలేదు. మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. కిరాయివాళ్లను ముందు అడిగేవాళ్లు ఎంతమంది?

వాళ్లు వెళ్లాక సేటు మాత్రం ఆగాడు. "నెలాఖరుకు ఖాళీ చేయాల్సి వస్తది బిడ్డా. ఏమనుకోవద్దు."

"ఏమనుకోం సేటు. మీరు ఇల్లిచ్చినోళ్లు." రేఖ కొంగు సర్దుకుంది. మూడు రోజులుగా నాలుక చివరన ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది. "మీ ఇంటి కింది పోర్షన్ ఖాళీ ఉన్నది కదా. టులెట్ బోర్డు చూసిన. మాకియ్యరాదు? ఇప్పుడిచ్చే కిరాయి కన్నా ఎక్కువనే ఇస్తం."

సేటు చూపు గోడవైపు మళ్లింది. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అదా... అది మేముండే ఇల్లు కదమ్మా."

"అవును సేటు. మీకూ మంచిగుంటది, కండ్ల ముందర ఉంటం."

"నాకైతే ఏం పట్టింపు లేదు రేఖా. మా అవ్వ ఉన్నది ఇంట్ల. మడి మనిషి. మీ అత్తగారు వస్తరు, పోతరు... నువ్వే అర్థం చేసుకో."

రేఖ అర్థం చేసుకుంది. ఒళ్లంతా సిగ్గుతో, కోపంతో మండిపోయింది. తొమ్మిదేళ్లు ఈ మనిషిని దేవుడనుకుంది. ఆయన అడక్కపోవడానికి కారణం మంచితనం కాదు, ఇంటిపేరు వినగానే ఆయనకు తెలిసిపోయింది. ఎండాకాలం పెనంలా కాలే, లిఫ్టు లేని ఈ పై అంతస్తుకు ఇంకెవరూ రాలేదు కాబట్టి ఇచ్చాడు, అంతే.

"ఇంకేడన్న ఇల్లు చూసుకోండ్రి, నా పేరు చెప్పుండ్రి. మంచోళ్లని నేను చెప్త," అన్నాడు సేటు గుమ్మం దాటుతూ.

"సరే సేటు," అంది రేఖ. మోకాళ్ల నొప్పి మనిషి కదా, పగలైనా చీకటిగా ఉండే మెట్ల మీద లైటు వేసింది. ఆయన కిందికి దిగేదాకా నిలబడి, లైటు తీసేసి, తలుపేసుకుంది.