పేరులో చిక్కుకున్న మందారం

సాయంత్రం ఐదుకల్లా డబ్బు చేరకపోతే అవతలి దేశపు రైతు రెండువేల మందార అంటు మొక్కలనూ వేరొకరికి ఇచ్చేస్తాడు. నర్సరీ పెద్దాయన ఆ మాట మూడోసారి చెప్పి రసీదును బ్యాంకు బల్ల మీద పెట్టాడు. గోడ గడియారం రెండు చూపిస్తోంది.

"ఆ రైతు బ్యాంకులో ఈ నంబరుకి ఏమీ దొరకలేదట, తల్లీ."

"ఇది మా బ్యాంకు లెక్క కోసం వేసుకున్న నంబరు, బాబాయ్. డబ్బు దారిలో ఎక్కడుందో వెతకాలంటే ఇంకోటుంది."

విదేశీ చెల్లింపులు చూసే ఆమె, బ్యాంకుల మధ్య డబ్బు జాడ చెప్పే ఆ పొడుగాటి స్విఫ్ట్ నంబరు తీసింది. గీతలతో కలిపి ముప్పై ఆరు గుర్తులు. తెర మీద మూడు మజిలీలు కనిపించాయి. డబ్బు తమ బ్యాంకు దాటింది. మధ్య బ్యాంకుకు మొన్ననే చేరింది, అక్కడే ఆగింది. చివరిదైన రైతు బ్యాంకు గడి ఖాళీ.

ఆమె సందేశాల పెట్టె తెరిచింది. మధ్య బ్యాంకు అదే నంబరు వేసి పొద్దున్నే ప్రశ్న పంపింది. ఎవరూ తెరవలేదు. తెరవాల్సింది తనే. ఆమె ఆ ప్రశ్న పైకి చదివింది.

"వివరాల్లో రాసిన 'సిరియాకస్' ఏమిటి? సిరియాతో సంబంధం ఉందా?"

"నా మొహం! అది ఆ మందారం శాస్త్రీయ నామం," అన్నాడు పెద్దాయన. "వేరే రకం అంటగడతారేమోనని నేనే రాయించా. మొక్కకి పాస్‌పోర్టు అడుగుతున్నారా?"

"ఆంక్షలున్న దేశాల పేర్లు కంప్యూటరు పట్టేస్తుంది. మనిషి చూసి వదలాలి."

"ఆ మాట కొట్టేసి మళ్లీ పంపు."

"పంపితే దాచినట్టవుతుంది. ఇద్దరం ఇరుక్కుంటాం. ఆ డబ్బు వెనక్కి రప్పించడానికే రోజులు పడతాయి."

"మరి నా అంట్లు?"

ఆమె తలెత్తింది. "ప్రశ్న పొద్దున్నే వచ్చింది బాబాయ్. చూడకపోవడం నా తప్పు."

తిడతాడనుకుంది. పెద్దాయన సంచిలోంచి ఇన్వాయిసు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తీసి ఆమె ముందుకు జరిపాడు. మొక్క పేరు, పెరిగిన దేశం రెండింటిలోనూ ఉన్నాయి. ఆమె నాలుగు వాక్యాల జవాబు రాసింది. మేనేజరు దాన్ని అక్షరం అక్షరం చదివి ఆమోదించాడు. రెండు నలభైకి అది మధ్య బ్యాంకుకు వెళ్లింది.

మూడున్నరకు డబ్బు అదే మధ్య గడిలో ఉంది. నాలుగుకూ అదే. పెద్దాయన ఫోను మోగింది, రైతే. ఎత్తి, "డబ్బు వస్తోంది, లారీని వేరేవాళ్లకి పంపకు" అన్నాడు. అబద్ధమో ఆశో ఆమెకు తెలియలేదు.

నాలుగూ ఇరవై రెండుకు మధ్య గడి రంగు మారింది. పావుగంటకు చివరిదీ నిండింది: 'ఖాతాకు జమ'.

పెద్దాయన ఆ తెర ఫొటో తీసి రైతుకు పంపాడు. "ఈసారి పేరు ఏం రాయమంటావు?"

"అదే రాయండి. కాగితాలు ముందే ఇవ్వండి."

"నువ్వు ఆ సందేశాల పెట్టె ముందే తెరువు," అంటూ లేచాడు.