రద్దుకు కారణం

బ్యాంకాక్‌లో వాన పడితే కారు దొరకడమే గగనం. అమ్మ ఎనిమిదింటికల్లా కిడ్నీ డాక్టరు దగ్గరుండాలి. యాప్‌లో దొరికిన డ్రైవరు ఏడు నిమిషాలు ఉన్నచోటే ఉండి, అమ్మకు ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, మీరే క్యాన్సిల్ చేసెయ్యరూ? నేను చేస్తే నా రేటింగ్ పోతుంది."

నేను చెప్పులు వేసుకునేలోపే అమ్మ నొక్కేసింది. డ్రైవరు రద్దు చేస్తే రుసుము లేదని, ఐదు నిమిషాలు దాటాక మనం చేస్తే ముప్పై బాత్ అని తెరమీదే ఉంది. కారణాల్లో మొదటిది 'డ్రైవరే అడిగాడు'. అది నొక్కితే ఆ ముప్పై కూడా పడేది కాదు. అమ్మ 'మనసు మార్చుకున్నాను' నొక్కింది.

"ఎందుకమ్మా అలా?"

"నోయ్, పాపం, అతనికి మాటొస్తుంది కదే," అంది నాతో.

లోకమంతటి మీదా మొహమాటమే ఈవిడకి! మరో కారు అరగంటకు దొరికింది. మామూలు ఛార్జీ నూట పది, వాన రద్దీకి తొంభై ఐదు, యాప్ రుసుము ఇరవై, పాత ముప్పై.

చేరేసరికి తొమ్మిదిన్నర. "టోకెన్లు అయిపోయాయి, ఆరు వారాలాగి రండి," అంది కౌంటర్లో అమ్మాయి.

అమ్మ చేతులు జోడించింది. "పర్లేదమ్మా, నువ్వేం చేస్తావులే."

ఆవిడ కిడ్నీలకు ఆ మర్యాద తెలియదు.