ఆటో దాటిపోయాక

దసరా అమ్మకాలు మొదలైన రోజు. బరంపురం గిరి రోడ్డులో జానకీరామయ్య ఫ్రిజ్‌ల దుకాణం ముందు ప్రకటనల మైకు కట్టిన ఆటో ఆగి ఉంది. డ్రైవరు ఈశ్వర్ హ్యాండిల్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి ఎల్లమనే మాట రావాలి. రాలేదు.

లోపల బుజ్జమ్మ నిలబడి ఉంది. చికిటి నుంచి మొదటి బస్సుకే వచ్చింది. వెంట అదే వీధి ఆడవాళ్ళు ముగ్గురు. వాళ్ళకీ ఫ్రిజ్‌లు కావాలి. బుజ్జమ్మకి ఏం జవాబు వస్తుందో చూసి కొందామని వచ్చారు.

"కుర్చీ వేసుకో బుజ్జమ్మా," అన్నాడు జానకీరామయ్య.

"కూకోడానికి రానేదు బాబూ. పదేళ్ళు మీరు సూసుకుంతామన్నారు. నా ఫ్రిజ్జి కొని ఆరేళ్ళయింది. మెకానిక్కొచ్చి కంప్రెసరు పోయిందన్నాడు. కంప్రెసరు ఊరికే ఇస్తాడంట. గేసుకీ, కూలికీ, బండి మీద మోసుకెళ్ళడానికీ నన్నివ్వమంటన్నాడు. ఇదేటి నాయం?"

మెకానిక్కు మసేను గోడ పక్కనే ఉన్నాడు. తల దించుకున్నాడు. ఆ మాట చెప్పింది అతనే. తప్పు చెప్పలేదు. మొదటి ఏడాది అన్నిటికీ కంపెనీ పూచీ. ఆ తర్వాత పదో ఏడాది వరకు కంప్రెసరు అనే భాగం ఒక్కటే ఉచితం. దాన్ని బిగించే కూలి, నింపే గ్యాసు, రవాణా కొన్నవాళ్ళవే. కార్డులో అలాగే ఉంది.

"సెప్పాం కదమ్మా," అన్నాడు గౌరీశంకర్. హిమకాంతి కంపెనీకి గంజాం జిల్లా అమ్మకాలు చూసే మనిషి అతను. "మైకులో కూడా సెప్పించాం. కంప్రెసరుకి మాత్రమే అనే మాట ఉంది అందులో."

"నేనిన్లేదు."

"మీరు ఇనకపోతే మేమేం సేస్తాం?"

బుజ్జమ్మ ముఖం ఎర్రబడింది. పక్కనున్న ముగ్గురిలో పెద్దది, సూరన్న పెళ్ళాం, తనకి అక్క వరసయ్యే బుజ్జమ్మ చెయ్యి పట్టుకుంది. "రా అప్పా, ఎదురు కొట్లో పదిహేనేళ్ళంటన్నారు. అక్కడికే ఎల్దాం."

జానకీరామయ్య లేచాడు. చికిటి వైపు నలభై ఊళ్ళు ఈ కొట్టుకే వస్తాయి. వచ్చేది ఫ్రిజ్ పేరు చూసి కాదు, కొట్టు మాట నమ్మి. ఈ నలుగురూ ఇలా గడప దిగితే సాయంత్రానికి ఆ మాట చికిటి చేరుతుంది. పండగంతా కొట్టు ఖాళీ.

గౌరీశంకర్ అతని చెవి దగ్గర అన్నాడు. "ఈవిడ ఒక్కదాని ఖర్చూ నేను పై వాళ్ళతో మాట్లాడి వదిలేయిస్తాను. నోరు మూయించండి. ఆటోని పంపండి."

బుజ్జమ్మకి వినబడింది. "నాదొక్కదానిదీ వదిలేత్తే మా ఈదిలో మిగతావోళ్ళ సంగతేటి? రేపు ఆళ్ళవి సెడిపోతే మళ్ళీ నేను మోసగత్తెనవ్వాలా? అందరికీ నేనే సెప్పి కొనిపించాను."

ఇది విని శ్రీసుధ ముందుకు వచ్చింది. కంపెనీ బ్రాంచిలో ప్రకటనల తెలుగు, ఒడియా ఆమె చూస్తుంది. ఈ ఏడాది మైకు మాటలూ ఆమె రాసినవే, ఏటా వచ్చే పాత వరసలోనే. పైనుంచి అనుమతి వచ్చినవే.

"పిన్నీ," అంది బుజ్జమ్మతో. "మైకు మీకు ఎక్కడ వినపడింది?"

"ఇంకెక్కడ? మా గుమ్మం కాడ."

"ఆటో ఆగిందా?"

"ఆగితే సెంటర్లో ఆగుద్ది. మా ఈదిలో ఎల్లిపోతా ఉంటది. పదేళ్ళు నిశ్చింత అని ఇన్నాను. తరవాత పాటొచ్చింది. అప్పటికి సివరి మలుపు తిరిగిపోయింది."

 శ్రీసుధ బయటికి వచ్చి ఈశ్వర్‌ని మైకు వేయమంది. ఆటోని వీధి ఆ చివరకు నడిపించింది. తను కొట్టు మెట్టు మీదే నిలబడింది. పదేళ్ళు నిశ్చింత అన్నది గట్టిగా వినిపించింది. పాట సగం వినిపించింది. మాత్రమే అన్న మాట వచ్చేసరికి ఆటో బట్టల కొట్టు దాటి వెళ్ళిపోయింది. ఆ మాట వేరేవాళ్ళ గుమ్మం ముందు పడింది. వాళ్ళకి పదేళ్ళ సంగతే తెలియదు.

కాగితం మీద రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. చదివేటప్పుడు తప్పు కనిపించలేదు. ఆటో కదులుతుందన్నది బ్రాంచిలో ఎవరికీ తట్టలేదు.

"మాటలు మార్చాలి," అంది లోపలికి వచ్చి.

"అనుమతి అయిపోయింది," అన్నాడు గౌరీశంకర్.

"మళ్ళీ అడుగుతాను. షరతులు మారవు సార్. వరస మారుతుంది. పదేళ్ళు అన్న నోటితోనే కంప్రెసరు భాగానికే అని చెప్పాలి. గ్యాసు, కూలి ఎవరివో అదే వాక్యంలో రావాలి. ఏ గుమ్మం ముందైనా ఒక్క వాక్యమే వినపడుతుంది కదా."

"అలా సెప్తే ఎవడు కొంటాడు? ఎదుటోడు పదిహేను అంటన్నాడు!" అతను జానకీరామయ్య వైపు తిరిగాడు. "పండగ సరుకు ముందు ఎవరికి పంపాలో నా సేతిలో ఉంది. ఛత్రపూర్ డీలరు రోజూ అడుగుతున్నాడు. ఆలోచించుకోండి."

 గొడౌన్‌లో సరుకు రెండు మూడు రోజులకే సరిపోతుంది.

"అమ్మాయ్, నువ్వు రాయి," అన్నాడు జానకీరామయ్య శ్రీసుధతో.

శ్రీసుధ ఫోన్‌లో రాసింది. మసేనుని పిలిచి వినిపించింది.

మొదటి ఏడాది మరమ్మతు పూర్తిగా ఉచితం. రెండో ఏడాది నుంచి పదో ఏడాది వరకు కంప్రెసరు ఒక్కటే ఉచితం, గ్యాసు, కూలి, రవాణా ఖర్చు మీది. ఫిర్యాదు చేసిన మర్నాడే మెకానిక్కు మీ ఇంటికి వస్తాడు.

"మర్నాడు ఎలా వస్తాను అప్పా?" అన్నాడు మసేను. "బరంపురంలో వస్తాను. చికిటికి మంగళారం, శుక్రారం ఎల్తాను. మజ్జలో పిలిస్తే కాదు."

"అదే పెట్టు," అన్నాడు జానకీరామయ్య.

ఆమె మార్చి పై ఆఫీసుకి పంపింది. జవాబు రాలేదు. ఎదురు కొట్టు మైకు పదిహేనేళ్ళని అరుస్తూనే ఉంది. సూరన్న పెళ్ళాం గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. గౌరీశంకర్ బయట నిలబడి ఎవరితోనో ఛత్రపూర్ పేరు ఎత్తి మాట్లాడుతున్నాడు. జానకీరామయ్య అది వింటూ కౌంటరు తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

ఫోన్ మోగింది. శ్రీసుధ అవును, అవును అంది. పెట్టేసి, "ఒప్పుకున్నారు," అంది. "సెలవు రోజుల్లో మెకానిక్కు రాడని కూడా చేర్చమన్నారు."

"ఇంకేటి, ఫ్రిజ్జి కొనొద్దని కూడా సేర్చు," అన్నాడు గౌరీశంకర్ గుమ్మంలోంచి.

శ్రీసుధ తన గొంతుతోనే చదివి రికార్డు చేసింది. వాక్యం వాక్యానికీ ఆగింది. పాట తీసేసింది.

"బుజ్జమ్మా, మెట్టు మీద నిలబడి ఇను," అన్నాడు జానకీరామయ్య. "ఏటి ఇనిపిస్తే అదే మాకు సెప్పు. మొహమాటం వద్దు."

ఆటో కదిలింది. వీధి చివర తిరిగి మళ్ళీ వచ్చింది.

"కంప్రెసరు ఊరికే, గేసు, కూలి మనవి అన్నారు," అంది బుజ్జమ్మ. "రెండో మాటు మంగళారం, శుక్రారం అన్నారు." కొంచెం ఆగింది. "ఈ మాట ఆయేల ఇనుంటే నేను మసేను మీద అరిసేదాన్ని కాదు. ఖర్చుకి సిద్ధపడుండేదాన్ని."

"ఇనుంటే కొనేదానివా?" అన్నాడు గౌరీశంకర్.

"నేనా? కొనేదాన్నే. మా ఈదిలో కూడా ఉన్నదున్నట్టు సెప్పి కొనిపించేదాన్ని."

సూరన్న పెళ్ళాం తల అడ్డంగా ఊపి ఎదురు కొట్లోకి వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ కదల్లేదు. వాళ్ళలో ఒకామె ఫ్రిజ్ తలుపు తెరిచి, "గేసు ఎంతకోసారి నింపాల బాబూ?" అని మసేనుని అడిగింది.

"కారిపోతేనే నింపాల. ఊరికే నింపమంటే నమ్మకండి," అన్నాడు మసేను.

గౌరీశంకర్ బ్యాగు తీసుకున్నాడు. "సరుకు విషయం రేపు మాట్లాడతాను."

"మాట్లాడండి," అన్నాడు జానకీరామయ్య. ఆపకుండా వెళ్ళనిచ్చాడు.  తుడిచిన గుడ్డ కౌంటరు కింద పెట్టాడు.

ఈశ్వర్ తొంగి చూశాడు. అయ్యా అనడానికి ఒడియా వాళ్ళలా ఆజ్ఞా అంటాడతను. "ఎల్లమంటారా ఆజ్ఞా?"

"ఎల్లు. చికిటి రోడ్డు మీదుగా. మెల్లగా ఎల్లు. ప్రతి గుమ్మానికీ ఒక మాటయినా పూర్తిగా పడాలి."