చేపపిల్ల నీలం

నాకు ముక్కుమీద కోపమని మా ప్రెస్సులో అందరికీ తెలుసు. అచ్చుకు వెళ్ళే ప్రతి ఫైలూ నా బల్లమీదుగానే పోవాలి కాబట్టి భరిస్తారు. రోజూ ఒకటే గోల, కంప్యూటర్లో ఉన్న రంగు కాగితం మీద ఎందుకు రాలేదని. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది, వెలుగుకు అందే కొన్ని రంగులు సిరాకు అందవని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఆ రోజు పోస్టరు వేయించడానికి వచ్చిన ఒకావిడ మీద మాత్రం కస్సుమనలేకపోయాను. చనిపోయిన కూతురి ఫోను పట్టుకుని వచ్చింది. పిల్లలకు ఈత నేర్పే బడి పెట్టాలని ఆ అమ్మాయి ఆసుపత్రి మంచం మీదే లోగో గీసింది, పోస్టరూ చేసింది. తోకెత్తిన నీలిరంగు చేపపిల్ల, వెనకాల ఈతకొలను ఫోటో. బడి ఇప్పుడు ఆ అమ్మాయి స్నేహితురాలు నడుపుతుందట. పోస్టరు మాత్రం పిల్ల చేసింది చేసినట్టే రావాలని తల్లి పట్టు.

ఫైలు నా తెరమీద తెరిచాను. చేపపిల్ల ధగధగలాడిపోయింది.

"అబ్బ, ఇంత మెరుస్తుందా" అంది ఆవిడ. "ఇదే కావాలమ్మా. నా కూతురు ఇలాగే ఉండేది."

అది సిరాకు చిక్కే నీలం కాదు. సాఫ్ట్‌వేర్‌ను దాని ఇష్టానికి రంగులు సిరాలోకి మార్చనిచ్చి ఒక ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, తీశాను. చేప వంకాయ రంగులో వచ్చింది. ఆవిడ కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ తెర వంక చూసింది.

"కంగారు పడకండి పిన్నిగారూ, సరిచేస్తాను" అన్నాను. నీలాన్ని చెడగొట్టేది దాంట్లో కలిసే గులాబీ సిరా. ఆ రెండిటి పాళ్ళూ దగ్గర దగ్గరగా ఉంటే అచ్చులో ఊదాకు తిరుగుతుంది. కొలను ఫోటోను పోస్టరు వేసే కాగితానికి తగిన రంగుల ప్రొఫైల్‌తో మార్చి, లోగోను విడిగా తీసి అంకెలు నా చేత్తో వేశాను. నీలి సిరా నిండుగా వంద శాతం, గులాబీ అరవై, పసుపూ నలుపూ సున్నా. సన్న అక్షరాల నలుపు నాలుగు సిరాల్లోకి చీలిపోయి ఉంటే ఒక్క నల్ల సిరాలోకి తెచ్చాను, లేకపోతే అంచులు చెదురుతాయి. అదే కాగితం మీద రెండో ప్రూఫ్ తీశాను.

ఈసారి ఊదా జాడ లేదు, శుభ్రమైన నీలం. కానీ తెరమీద ఉన్న ధగధగ లేదు.

"తగ్గిపోయిందమ్మా" అంది ఆవిడ. "అన్నీ తగ్గించే ఇచ్చాడు దేవుడు దానికి. దీన్ని కూడా తగ్గించకు."

విడిగా సిరా కలిపించి ఐదో రంగుగా వేయించినా కొంత దగ్గరికి వస్తుందేగానీ, తెర వెలుగు మాత్రం రాదని చెప్పాను. ఆవిడ వినలేదు. "అది గీసింది ఇందులోనే, చూడు" అంటూ కూతురి ఫోను నా ముందు పెట్టింది.

చూస్తే ఆ చేపపిల్ల మెరవడం లేదు. తెరంతా పసుపు పసుపుగా, వెలుగు బాగా తగ్గించి ఉంది. కళ్ళకు శ్రమ లేకుండా పెట్టుకునే సెట్టింగు అది.

"ఇది ఎప్పటినుంచీ ఇలా ఉంది?"

"ఆసుపత్రిలో చేరినప్పటినుంచీ. కళ్ళు మండుతున్నాయని అలా పెట్టుకుంది. నేనేం మార్చలేదు."

రెండో ప్రూఫ్‌ను ఫోను పక్కన పెట్టాను. అచ్చంగా అదే కాదు గానీ, అక్కాచెల్లెళ్ళంత దగ్గర. అప్పుడర్థమైంది. ఈ పసుపు తెరలో నీలం వెలవెలబోతుంటే ఆ అమ్మాయి పెంచుకుంటూ పోయింది. ఫైల్లో నీలం ఇంక పెంచడానికి లేనంత చివరన ఉంది.

"పిన్నిగారూ, మీ అమ్మాయి ఆ మెరుపు చూడనే లేదండీ. తను చూసి సరే అనుకున్న నీలం ఇదిగో, మీ చేతిలో ఉంది. ఏమీ తగ్గించలేదు."

ఆవిడ ఫోనునూ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. ప్రూఫ్ మీద సంతకం పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇంక అచ్చు ప్లేటు చేయడానికి పంపొచ్చు. ఆవిడ మాత్రం లేవలేదు.

"ఇందులో అన్నీ ఇలాగే కనిపిస్తాయా?"

"అన్నీ అంతేనండి."

"మనుషులు కూడానా?"

ఎందుకడుగుతోందో తెలియక తలూపాను.

"దాని వార్డులోకి నన్ను రానివ్వలేదమ్మా. రోజూ వీడియో కాల్లోనే మాట్లాడుకునేవాళ్ళం, అది ఇందులోనే నన్ను చూసేది. ఎప్పుడు చూసినా, 'అలా పసుపుపచ్చగా అయిపోయావేంటమ్మా, తింటున్నావా, నాకు చెప్పకుండా నీకూ ఏమైనా వచ్చిందా' అని ఏడ్చేది. నాకేం లేదే, బాగానే ఉన్నానే అని ఒట్టేసి చెప్పేదాన్ని. నమ్మలేదు."

ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని తెరమీద బొటనవేలు రుద్దుతూ కూర్చుంది.

"ఆఖరి రోజు కూడా నాకోసమే బెంగపడింది."