నలుగురు, ఇద్దరు

ఆసుపత్రి బ్లాగు రాసే ఆవిడకి మధ్యాహ్నానికే ఓపిక అడుగంటింది. ఆమె పెట్టిన శీర్షికను మేనేజరు మూడోసారి కొట్టేసి, మళ్ళీ తనదే పెట్టాడు: "ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్లు యాభై శాతం తగ్గాయి!"

"సార్, పోయినేడు ఆరు వందల ఆపరేషన్లలో నలుగురికి వచ్చింది. ఈ ఏడు కూడా ఆరు వందల్లోనే ఇద్దరికి. ఇంత చిన్న తేడా ఊరికే కూడా రావచ్చు. ఉన్నదున్నట్టు ఆ అంకెలే రాద్దాం."

"నలుగురు, ఇద్దరు అంటే ఎవరు చదువుతారమ్మా? శాతమైతే కొట్టొచ్చినట్టు కనపడుతుంది."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నులుముకుంది.

"సరే, అలాగే వేద్దాం. వచ్చే ఏడు ఖర్మ కాలి మళ్ళీ నలుగురికి వస్తే, వంద శాతం పెరిగాయని కూడా మీరే వేయించాలి."

మేనేజరు కీబోర్డు తన వైపు లాక్కున్నాడు.

"మొత్తం ఎన్ని ఆపరేషన్లన్నావు?"